చిన్న లాండ్రీ, ఇస్త్రీ షాపు: సామాను, ధరలు, పాడైన బట్టల లెక్కలు

హైదరాబాద్‌లో నిజాంపేట వైపు, అపార్ట్‌మెంట్ల మధ్య, పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవున్న ఒక షట్టర్‌లో మేము నడుపుతున్న లాండ్రీ పని డైరీ ఇది. ఉతకడం, గంజి పెట్టడం, ఇస్త్రీ చేయడం వరకే మా పని. డ్రై క్లీనింగ్ జోలికి పోలేదు. షాపులో ఉండేది ముగ్గురం: నేను, చాలా ఏళ్ళు ఇదే సందులో ఇస్త్రీ బండి నడిపిన బాబాయ్, సాయంత్రాలు బట్టలు ఇళ్ళకు చేర్చే మా తమ్ముడు. షట్టర్ అద్దెకు తీసుకునే ముందే బాబాయ్‌తో మాట్లాడాం. ఆయన బండి ఉన్న సందులో ఆయనకు పోటీగా షాపు పెట్టడం మాకు ఇష్టం లేకపోయింది. నెల జీతం మాట్లాడుకుని ఆయనే లోపలికి వచ్చారు. ఈ డైరీలో పనికొచ్చే విషయాల్లో సగం ఆయన చెప్పినవే.

## దశ 1: సామాను

బొగ్గుల పెట్టె వద్దనుకున్నాం. షట్టర్ లోపల బొగ్గు కాలిస్తే పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. తెల్ల చొక్కా మీద నిప్పురవ్వ పడితే చిల్లే. గ్యాస్ పెట్టె చవక, కరెంటు పోయినా పని ఆగదు. కానీ ఇంటికిచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను వ్యాపారానికి వాడకూడదు, కమర్షియల్ సిలిండర్ తీసుకోవాలి. చిన్న గదిలో, బట్టల మధ్య సిలిండర్ పెట్టడం మాకు ధైర్యం చాలలేదు. అందుకని రెండూ కరెంటువే తీసుకున్నాం. ఒకటి టైలర్ షాపుల్లో కనిపించే, పైన నీళ్ళ సీసా వేలాడే స్టీమ్ పెట్టె. రెండోది గంజి బట్టల కోసం బరువైన మామూలు పెట్టె.

మొదటి ఖర్చు, పక్కన అప్పటిదాకా అయిన మొత్తం:

1. షట్టర్ అడ్వాన్స్, మూడు నెలల అద్దె: 27,000. మొత్తం 27,000.
2. ఎనిమిది కిలోల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్: 34,000. మొత్తం 61,000.
3. సీసా స్టీమ్ పెట్టె: 4,500. మొత్తం 65,500.
4. బరువు పెట్టె: 2,800. మొత్తం 68,300.
5. చెక్క బల్ల, పైన దుప్పటి, కాటన్ గుడ్డ: 3,200. మొత్తం 71,500.
6. వైరింగ్, ఎర్తింగ్, 16 ఆంపియర్ల సాకెట్లు: 6,500. మొత్తం 78,000.
7. ఆరేసే స్టాండ్లు, తీగలు: 2,400. మొత్తం 80,400.
8. వేలాడే తూకం, నీటి కాఠిన్యం చూసే కిట్, వేడి కొలిచే ప్రోబ్ ఉన్న మల్టీమీటర్: 2,050. మొత్తం 82,450.
9. స్లిప్పు పుస్తకాలు, ట్యాగులు, హ్యాంగర్లు, కవర్లు: 3,100. మొత్తం 85,550.
10. నల్లా నీళ్ళకు వేరే ట్యాంకు, పైపులు: 4,200. మొత్తం 89,750.

మెషీన్ కొనేవాళ్ళు వారంటీ కార్డు ముందే చదువుకోండి. ఇళ్ళ కోసం చేసిన మెషీన్‌ను షాపులో వాడితే సాధారణంగా వారంటీ వర్తించదు. మేము అది తెలిసే తీసుకున్నాం. ఎందుకంటే కమర్షియల్ మెషీన్ ధర మా మొత్తం పెట్టుబడిని దాటిపోతోంది. అందుకే రిపేరు కోసం నెల నెలా కొంత పక్కన పెడుతున్నాం. ఇంకో సంగతి: ఎనిమిది కిలోలు అంటే పొడి కాటన్ బట్టల బరువు. చొక్కాలు, పంజాబీ డ్రెస్సులు అంత కుక్కితే సబ్బు పోదు, ముడతలు గట్టిపడతాయి, తర్వాత ఇస్త్రీ బల్ల మీద సమయం పెరుగుతుంది. ఐదు కిలోలు దాటనివ్వం.

కరెంటు దగ్గర మొదటి దెబ్బ తగిలింది. ఎలక్ట్రీషియన్ మెయిన్‌లో భారం ఎక్కువైతే కరెంటు ఆపేసే 16 ఆంపియర్ల ఎంసీబీ పెట్టి వెళ్ళాడు. స్టీమ్ పెట్టె 1,200 వాట్లు, బరువు పెట్టె 1,000, మెషీన్‌లో హీటర్ నడిచేటప్పుడు 2,000, ఫ్యాను, లైట్లు ఓ 200. అన్నీ కలిపితే 4,400 వాట్లు. దాన్ని 230తో భాగిస్తే 19 ఆంపియర్లు. వేడి నీళ్ళ ఉతుకు మొదలైన కాసేపటికే షాపంతా చీకటి. పెద్ద ఎంసీబీ పెట్టేస్తే సరిపోదు, లోపలి తీగ కూడా ఆ భారాన్ని మోయాలి. మెయిన్ తీగ మార్పించి, మీటరుకు అనుమతించిన కరెంటు భారం, అంటే శాంక్షన్డ్ లోడ్, పెంచమని దరఖాస్తు చేశాం. అది వచ్చేదాకా వేడి నీళ్ళ ఉతుకును ఇస్త్రీ మొదలుకాక ముందు, ఉదయం పూటకు మార్చాం. ఇప్పటికీ అదే అలవాటు కొనసాగుతోంది.

కరెంటు గురించే ఇంకో మాట. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి రజక కులస్తుల లాండ్రీ షాపులకు, ధోబీ ఘాట్లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం ఉంది. అర్హత ఉన్నవాళ్ళు మీటర్ తీసుకునేటప్పుడే దీని గురించి అడగండి. మా మీటర్ నా పేరు మీద ఉంది కాబట్టి మాకు రాదు. కింది లెక్కలన్నీ మామూలు కమర్షియల్ బిల్లు మీద వేసినవే.

బల్ల ఎత్తు కూడా రాసి పెడుతున్నా. వడ్రంగి తెచ్చిన బల్ల 30 అంగుళాలు. బాబాయ్ ఐదడుగుల నాలుగంగుళాల మనిషి. సాయంత్రానికి నడుం పట్టేసేది. మోచేయి కంటే నాలుగైదు అంగుళాలు కింద బల్ల ఉండాలని కాళ్ళ కింద చెక్కలు వేసి 35 అంగుళాలకు లేపాం. బల్ల మీద మొదట పరిచిన ఫోమ్ షీటు వేడికి అణిగిపోయి, అక్కడక్కడా గట్టిపడి, దాని గుర్తులు చొక్కా మీద పడ్డాయి. తీసేసి పాత ఉన్ని కంబళి రెండు మడతలు వేసి, పైన ఉతికిన కోరా గుడ్డ బిగించాం.

## దశ 2: నీళ్ళు

షట్టర్‌కు వచ్చేది బోరు నీళ్ళు. కిట్‌తో చూస్తే కాఠిన్యం 500 పీపీఎం దాటింది. తాగే నీటికి ఐఎస్ఐ ప్రమాణం 200 లోపు ఉండాలంటుంది, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. తాగడానికే కష్టమైన నీళ్ళు ఉతకడానికి ఇంకా కష్టం. సబ్బు పొడి రెట్టింపు పోసినా నురగ రాలేదు. తువ్వాళ్ళు అట్టల్లా బిరుసెక్కాయి. తెల్ల చొక్కాలు కొన్ని ఉతుకులకే బూడిద రంగుకు తిరిగాయి.

టీడీఎస్ మీటర్ ఉంటే చాలనుకునేవాళ్ళకు ఒక మాట. అది నీళ్ళలో కరిగిన అన్నిటినీ కలిపి చూపిస్తుంది. సబ్బును తినేసేది అందులోని కాల్షియం, మెగ్నీషియం మాత్రమే. వాటిని కొలవాలంటే చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టే కాఠిన్యం కిట్టే కావాలి.

దీనికంటే పెద్ద సమస్య బ్లీచింగ్ దగ్గర బయటపడింది. ఒక హాస్టల్ తెల్ల దుప్పట్లు బోరు నీళ్ళలో నానబెట్టి బ్లీచ్ వేస్తే, తెల్లబడాల్సింది పోయి పసుపు గోధుమ రంగు మచ్చలు తేలాయి. బోరు నీళ్ళలో కంటికి కనిపించకుండా కరిగి ఉన్న ఇనుముకు బ్లీచ్ తగలగానే అది తుప్పుగా మారి గుడ్డ మీద దిగుతుంది. ఇంకా బ్లీచ్ వేసే కొద్దీ మచ్చ ముదురుతుంది. పలచటి ఆక్సాలిక్ యాసిడ్ ద్రావణంలో ముంచి, బాగా జాడిస్తే మచ్చలు వదిలాయి. ఆక్సాలిక్ యాసిడ్ విషం. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు, పిల్లలకు అందే చోట ఉంచకూడదు, పట్టు మీద, ఉన్ని మీద, రంగు తెలియని గుడ్డ మీద వాడకూడదు.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి:

1. తెల్లబట్టలు, పసిపిల్లల బట్టలు మొత్తం నల్లా నీళ్ళలోనే.
2. మిగతావాటికి ఉతుకు బోరు నీళ్ళలో, ఆఖరి జాడింపు నల్లా నీళ్ళలో.
3. బోరు నీళ్ళలో బ్లీచ్ పూర్తిగా బంద్.
4. రక్తం, పాలు, గుడ్డు మరకలకు ముందు చల్లనీళ్ళే. వేడి తగిలితే అవి గుడ్డలో గట్టిపడతాయి.

స్టీమ్ పెట్టె విషయంలోనూ నీళ్ళే అసలు సమస్య. బోరు నీళ్ళు పోస్తే ఆవిరి రంధ్రాల్లోంచి తెల్లటి పొలుసులు నల్ల ప్యాంట్ల మీద రాలాయి. సీసాలో వేసే రెజిన్ గుళికలు నీళ్ళలోని ఉప్పులను పట్టేస్తాయి. వాటి పని అయిపోగానే రంగు మారుతుంది, అదే గుర్తు. నల్లా నీళ్ళు పోస్తే గుళికలు బోరు నీళ్ళకంటే చాలా ఎక్కువ రోజులు వస్తున్నాయి. రెజిన్ 600. పెట్టుబడి మొత్తం 90,350.

## దశ 3: పెట్టె వేడి

పెట్టె మీద ‘సిల్క్’, ‘కాటన్’ అని రాసి ఉన్నంత మాత్రాన అడుగున ఆ వేడే ఉంటుందని కాదు. బట్ట లోపలి లేబుల్ మీద పెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలకు 150, మూడు చుక్కలకు 200 దాకా అని అర్థం. మన పెట్టె నిజంగా ఎంత ఇస్తోందో కొలిస్తే తప్ప ఆ చుక్కలు మనకు ఉపయోగపడవు.

మొదట తుపాకీలా గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి అడిగి తెచ్చి చూశాం. నీళ్ళు చిలకరిస్తే చుయ్ మంటున్న పెట్టె అడుగును అది 70 డిగ్రీలని చూపించింది. మెరిసే లోహం వేడిని సరిగా వెదజల్లదు కాబట్టి ఆ పరికరం మోసపోతుంది. మల్టీమీటర్‌తో వచ్చే తీగలాంటి ప్రోబ్‌ను పెట్టె అడుగుకు, మడిచిన కాటన్ గుడ్డకు మధ్య పెట్టి కొలిస్తేనే నమ్మకమైన అంకె వచ్చింది.

బరువు పెట్టె ‘కాటన్’ మీద 215 దాకా ఎక్కి, ఆగి, 170కి దిగి, మళ్ళీ ఎక్కుతోంది. అంటే ఒకే చోట తిప్పి ఉంచినా 45 డిగ్రీల తేడా. నైలాన్ 220 దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడి పెట్టెకు అంటుకుంటుంది. పాలిస్టర్ కరగడానికి 250 దాటాలి గాని, మెరుపు రావడానికి అంత వేడి అక్కర్లేదు. అందుకని డయల్ మీది రాతల మీద ఆధారపడకుండా, వేడి పైకి ఎక్కినప్పుడు కూడా 110, 150, 200 దాటని మూడు చోట్లు వెతికి, డయల్ మీద పెయింట్‌తో గీతలు పెట్టాం. బాబాయ్‌కి ఆ గీతలు అవసరం లేదు. తడి వేలు ఆనించి చప్పుడు వినే ఆయన వేడి చెప్పగలరు. కానీ ఆయన సెలవు పెట్టిన రోజు పెట్టె పట్టేది నేను.

ఏ గుడ్డో తెలియనప్పుడు:

1. లోపలి అంచు మడతలో, ఒక చుక్క వేడి మీద రెండు సెకన్లు ఆనించి ఎత్తాలి.
2. పెట్టె జారకుండా పట్టినట్టు అనిపిస్తే అక్కడే ఆపాలి. అది కరగబోతోందని ఆ పట్టే చెబుతుంది.
3. మెరుపు రాకపోతే, ముడత పోకపోతే వేడి కొంచెం పెంచాలి.
4. ముదురు రంగు ఏదైనా సరే తిరగేసి చేయాలి.

ముదురు ప్యాంట్ల మీద వచ్చే మెరుపు రెండు రకాలు. పోగులు అణిగి వచ్చిన మెరుపైతే తడి గుడ్డ పరిచి ఆవిరి పట్టి, మెత్తటి బ్రష్‌తో పోగులు లేపితే చాలావరకు పోతుంది. ఆవిరి పట్టాక కూడా మెరుస్తూ, గోటికి నున్నగా తగిలితే పోగు కరిగిందని అర్థం. అది తిరిగి రాదు. స్టీమ్ పెట్టె అడుగుకు టెఫ్లాన్ తొడుగు వేశాక మా దగ్గర ఈ ఫిర్యాదు చాలా తగ్గింది. తొడుగు 450. మొత్తం 90,800.

వానాకాలంలో ఇస్త్రీ చేసి వెంటనే కవర్లో పెట్టిన చొక్కాలు సాయంత్రానికి మళ్ళీ ముడతలు పడి, ముక్కిన వాసన వచ్చాయి. గుడ్డలో మిగిలిన ఆవిరి బయటికి పోకపోవడమే కారణం. మడత నిలిచేది పెట్టె కింద కాదు, గుడ్డ చల్లారేటప్పుడు. ఇప్పుడు ప్రతి బట్టా హ్యాంగర్‌కో తీగకో కనీసం పది నిమిషాలు ఫ్యాను కింద ఉన్నాకే మడతకు వస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను 2,600. మొత్తం 93,400.

## దశ 4: ఒక్కో బట్టకు ధర

చుట్టుపక్కల బండ్ల దగ్గర అడిగి, వాళ్ళలాగే చొక్కా, ప్యాంటు పది, చీర ఇరవై అని మొదలుపెట్టాం. బట్టలు బాగానే వచ్చాయి, బాబాయ్ చేయి ఆగలేదు, అయినా నెల చివర ఏమీ మిగల్లేదు. ఎక్కడ పోతోందో తేల్చడానికి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, బట్ట చేతిలోకి తీసుకున్నప్పటి నుంచి తీగకు తగిలించేదాకా సమయం రాసుకున్నాం.

సగటున వచ్చిన నిమిషాలు: చొక్కా 3, ప్యాంటు 3, కుర్తా 4, ప్లీట్ల స్కూలు స్కర్టు 6, సింథటిక్ చీర 6, చుడీదార్ సెట్టు 8, పట్టుచీర 9, గంజి పెట్టిన కాటన్ చీర 11.

తర్వాత, బల్ల దగ్గర ఒక నిమిషానికి మాకు ఎంత ఖర్చవుతోందో లెక్కేశాం. నెలకు 26 రోజులు, రోజుకు నిజంగా పెట్టె కదిలే సమయం 6 గంటలు. మిగతాది తీసుకోవడం, ఇవ్వడం, భోజనం. అంటే నెలకు 9,360 నిమిషాలు.

1. జీతం: 16,000. మొత్తం 16,000.
2. అద్దెలో ఇస్త్రీ వాటా: 6,000. మొత్తం 22,000.
3. కరెంటు: 1,600. మొత్తం 23,600.
4. కవర్లు, ట్యాగులు, రెజిన్: 1,500. మొత్తం 25,100.
5. పెట్టెల అరుగుదల, రిపేర్లు: 1,000. మొత్తం 26,100.
6. పాడైన బట్టల నిధి: 900. మొత్తం 27,000.

27,000ను 9,360తో భాగిస్తే నిమిషానికి 2 రూపాయల 88 పైసలు. ఇందులో నా జీతం లేదు, లాభం లేదు.

ఈ అంకె పక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. చొక్కాకు ఖర్చు 8.65, తీసుకునేది 10. ఫర్వాలేదు. గంజి చీరకు ఖర్చు 31.70, తీసుకునేది 20. గంజి ఖర్చు ఇంకా కలపలేదు. అంటే ఒక గంజి చీర చేసినప్పుడల్లా 12 రూపాయలు పోతున్నాయి. దాన్ని పూడ్చడానికి తొమ్మిది చొక్కాలు చేయాలి. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఎక్కువగా ఉన్న రెండు అపార్ట్‌మెంట్ల నుంచి వారం వారం వచ్చేవి గంజి చీరలే. పని పెరిగే కొద్దీ నష్టం పెరిగింది అందుకే.

మార్చిన ధరలు: చొక్కా, ప్యాంటు 10. కుర్తా 13. ప్లీట్ల స్కర్టు 18. సింథటిక్ చీర 20. చుడీదార్ సెట్టు 25. గంజి చీర 40, గంజితో కలిపి. పట్టుచీర కూడా 40. దానికి నిమిషాలు తక్కువే గాని, పాడైతే కట్టాల్సింది ఎక్కువ. చొక్కా ధర కావాలనే ముట్టుకోలేదు. ఇళ్ళలో ధరలు పోల్చుకునేది చొక్కాతోనే, బయట బండి నడిపేవాళ్ళ బతుకు కూడా దాని మీదే ఉంది.

చీర ధర చూసి ఒక టీచర్‌గారు అడిగారు: “ఏంటమ్మా, ఒక్కసారిగా రెట్టింపు చేశావ్?”

“మేడం, ఒక్క చీర బల్ల మీద పదకొండు నిమిషాలు పడుతోంది. మీరు నిలబడి చూడండి, నచ్చకపోతే పాత ధరే ఇవ్వండి” అన్నాను.

ఆవిడ నిజంగానే నిలబడి చూశారు. బాబాయ్ నీళ్ళు చిలకరించి, చుట్టి పక్కన పెట్టి, విప్పి, అంచు, పల్లూ, కుచ్చిళ్ళ భాగం వరసగా లాగుతూ చేశారు. నలభై ఇచ్చి వెళ్ళారు. కొంతమంది మానేశారు కూడా. వాళ్ళు మానేసినందువల్ల షాపుకు నష్టం రాలేదు.

ఉతుకు కిలోల లెక్క. ఒక ఇంటి బట్టలు ఇంకో ఇంటివాటితో కలపం. అందువల్ల మెషీన్ సగటున మూడు కిలోలతోనే తిరుగుతుంది. ఒక్కో విడతకు సబ్బు 14, కరెంటు 5, మనిషి సమయం 51, అద్దె, మెషీన్ అరుగుదల వాటా 67, కవరు 10. మొత్తం 147. మూడుతో భాగిస్తే కిలోకు 49. ఐదు కిలోలైతే కిలోకు 30 కూడా పడదు. అందుకని కిలోకు 60, కనీసం మూడు కిలోల చార్జీ అని పెట్టాం. ఇస్త్రీ మాత్రం ఎప్పుడూ బట్ట లెక్కే. జీన్స్ బరువెక్కువ, పని తక్కువ. కాటన్ కుర్తా బరువు తక్కువ, పని ఎక్కువ. తూకం వేసి ఇస్త్రీ ధర చెప్పకండి.

## దశ 5: బట్ట తీసుకునే చోట

పాడైన బట్టల గొడవల్లో ఎక్కువ భాగం పెట్టె దగ్గర పుట్టవు, కౌంటర్ దగ్గర పుడతాయి. బట్ట మన చేతికి వచ్చినప్పుడు ఎలా ఉందో ఇద్దరూ చూడకపోతే, తర్వాత ఎవరి మాట వారిదే.

గుర్తుల సంగతి ముందు. పాతకాలంలో నల్లజీడి గింజ రసంతో వేసిన చాకలి గుర్తు గుడ్డ చిరిగేదాకా పోయేది కాదు. ఆ రసం తగిలితే చర్మం పొక్కుతుంది, గుర్తు ఉన్నచోట మెడ మీద దద్దుర్లు వస్తాయి. అది వద్దు. స్టేప్లర్‌తో కాగితం ట్యాగు కొడితే తడికి పిన్ను తుప్పు పట్టి తెల్ల కాలర్ మీద రెండు చుక్కలు దిగాయి. ఇప్పుడు గుడ్డ నాడా ముక్క మీద చెరగని మార్కర్‌తో నంబరు రాసి, బొత్తం కాజాలోంచి దారంతో కడుతున్నాం. చీరకైతే అంచు పోగుకు కాకుండా ఫాల్ కుట్టుకు కడతాం.

తీసుకునేటప్పుడు చేసే పని:

1. కస్టమర్ ముందే బట్ట విప్పి ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టాలి. చంకలు, కాలర్ మడత, ప్యాంటు కింది అంచు, చీర పాత మడతలు వెలుగు ఎక్కువ దాటనిస్తే అక్కడ నూలు బలహీనపడినట్టే.
2. జేబులు. పెన్ను, చిల్లర, ముఖ్యంగా టిష్యూ పేపరు.
3. మరక ఉంటే ఏమిటని, ఎప్పటిదని అడిగి స్లిప్పులో రాయాలి.
4. కొత్త కాటన్, ముదురు ఎరుపు, నీలం అయితే లోపలి కుట్టు దగ్గర తడి తెల్లగుడ్డతో అర నిమిషం అదమాలి. రంగు అంటితే విడిగా ఉతుకు, లేదా వెనక్కి.
5. రాళ్ళు, చమ్కీలు, అద్దకం బొమ్మలు ఉంటే తిరగేసి చూడాలి.
6. లోపం కనిపిస్తే ఫోటో తీసి అక్కడికక్కడే కస్టమర్‌కు వాట్సాప్‌లో పంపాలి.

మూడో అంశంలో తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: “ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గర పని చేశారా?” బ్యాటరీలోని యాసిడ్ చుక్క కాటన్ ప్యాంటు మీద పడినప్పుడు ఏమీ కనిపించదు. నూలు లోపల తినేసి ఉంటుంది. ఉతికాక అక్కడ గుండ్రటి చిల్లులు పడతాయి, అంచులు పీచుపీచుగా ఉంటాయి. కాలిన చిల్లు కాదు, మెషీన్ చించింది కాదు. ఈ తేడా తెలియకపోతే ఆ ప్యాంటు డబ్బు మన నెత్తిన పడుతుంది. పసుపు మరకకు సబ్బు తగిలి ఎర్రగా మారినప్పుడు కూడా “మీరే పాడుచేశారు” అంటారు. పసుపు క్షారానికి ఎరుపెక్కుతుంది, జాడించి ఎండలో వేస్తే వెలిసిపోతుంది. ఇది ముందే చెబితే గొడవ ఉండదు.

## దశ 6: పాడైన చీర

జార్జెట్ చీర, పల్లూ నిండా చిన్న రాళ్ళు. అప్పటికి పై జాబితాలో ఐదో అంశం లేదు. తిరగేసి సింథటిక్ వేడి మీదే స్టీమ్ పెట్టె పెట్టాం. చీర తిప్పి చూస్తే పల్లూ మూల అరచేయంత మేర రాళ్ళు పక్కకు జరిగి, కొన్ని బల్ల గుడ్డకు అంటుకుని ఉన్నాయి.

కారణం వెతికితే చీర వెనకవైపే దొరికింది. రాయి కుట్టి ఉంటే వెనక దారం కనిపిస్తుంది. ఈ చీర వెనక దారం లేదు. వేడికి కరిగే జిగురుతో అతికించిన రాళ్ళు. వేడితో అంటించినది మళ్ళీ వేడి తగిలితే వదులుతుంది, అందులోనూ ఆవిరి తోడైతే ఇంకా తొందరగా.

బాబాయ్ పెట్టె ఆపి, “సర్దేసి మడతపెట్టి ఇవ్వొద్దమ్మా. ఆమె ఇంటికి పోయి చూసుకునేలోపు మనమే చెప్పాలె” అన్నారు. అప్పుడే ఫోటో తీసి ఫోన్ చేశాను.

ఆవిడ వచ్చి, “వచ్చే వారం మా చెల్లెలి ఫంక్షన్‌కి కట్టుకుందామనుకున్నానక్కా” అన్నారు. బిల్లు ఫోన్‌లో ఉంది. ఏడాదిన్నర కిందట 4,200.

పరిహారానికి మేము అప్పుడు రాసుకుని, ఇప్పుడు గోడకు అంటించిన లెక్క ఇది. బట్ట ఇక వాడటానికి పనికిరాకపోతే, కొన్న ధరలో ఆరు నెలల లోపుదానికి 80 శాతం, ఏడాది లోపు 60, రెండేళ్ళ లోపు 40, ఆపైన 25. బాగుచేయించగలిగితే బాగుచేయించే ఖర్చు మొత్తం మాది. రెండింట్లోనూ ఇస్త్రీ డబ్బు వాపసు. ఏది కావాలో కస్టమర్ ఎంచుకోవాలి.

ఈ చీరకు 40 శాతం అంటే 1,680. మగ్గం వర్క్ చేసే షాపులో చూపిస్తే జరిగిన రాళ్ళు తీసి, అలాంటివే కుట్టి ఇవ్వడానికి 450 అడిగారు. ఆవిడ రిపేరే కోరారు, ఫంక్షన్‌కి అదే కావాలి కాబట్టి. 450, ఆటోకు 80, వాపసు ఇచ్చిన ఇస్త్రీ డబ్బు 20. మొత్తం 550.

పాడైన బట్టల నిధి పద్దు: అప్పటికి జమ 2,700. అంతకుముందు మెరుపెక్కిన ప్యాంటుకు 400. ఈ చీరకు 550. మిగిలింది 1,750. నెలకు 900 పక్కన పెట్టడం ప్రస్తుతానికి సరిపోతోంది. ఒకే నెలలో పట్టుచీర పాడైతే సరిపోదు. అందుకే పదివేలు దాటిన చీరలు తీసుకోవడం లేదు, ఆ మాట బోర్డు మీద ధరల పక్కనే రాశాం.

చాలా స్లిప్పుల వెనక ‘బట్టలు పాడైతే మా బాధ్యత లేదు’ అని అచ్చేసి ఉంటుంది. మేము వేయలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, మన దగ్గర ఉంచిన ఇతరుల వస్తువును, ఒక మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. స్లిప్పు వెనక ఒక వాక్యం ఉన్నా కస్టమర్ వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళకుండా అది ఆపలేదు. మా స్లిప్పు ముందువైపే, పెద్ద అక్షరాల్లో, పై శాతాల లెక్క ఉంది. ఫిర్యాదు ఉంటే బట్ట కట్టుకోకముందు, 48 గంటల్లో చెప్పమని కూడా ఉంది.

చీర తర్వాత మార్చినవి:

1. వెనక దారం కనిపించని రాళ్ళుంటే, రాళ్ళు లేని భాగం మాత్రమే ఇస్త్రీ. పల్లూ తీగకు వేలాడదీసి ముడతలు దానంతటవే సాగనిస్తాం. స్లిప్పులో ‘రాళ్ళ మీద పెట్టె లేదు’ అని రాస్తాం.
2. కుట్టిన రాళ్ళయితే తిరగేసి, మందపాటి తువ్వాలు మీద, ఒక చుక్క వేడి, ఆవిరి లేకుండా.
3. ప్లాస్టిక్ చమ్కీలు వేడికి చుట్టుకుపోతాయి కాబట్టి వాటికీ మొదటి పద్ధతే.
4. పట్టుచీర పాత మడత మీదే మళ్ళీ మడత వేయం. ఏళ్ళ తరబడి ఒకే గీత మీద మడిస్తే జరీ, పట్టు అక్కడే తెగుతాయి. మడత ఒక అంగుళం పక్కకు జరుపుతాం.

## ప్రస్తుతం

పెట్టుబడి మొత్తం 93,400 దగ్గర ఆగింది. ఇస్త్రీ బల్ల ఇప్పుడు నిమిషానికి సగటున మూడున్నర రూపాయలు తెస్తోంది, ఖర్చు 2.88. ఆరు గంటలూ పెట్టె కదిలిన రోజే ఆ తేడా నిజం. బట్టలు రాని మంగళవారాల్లో రెండు గంటలు బల్ల ఖాళీగా ఉంటోంది. హాస్టల్ దుప్పట్లను ఆ రోజుకు మార్చమని మాట్లాడుతున్నాం. దుప్పటి 5 నిమిషాలు, ఖర్చు 14.40, వాళ్ళు ఇస్తామంటున్నది 12. ఖాళీ సమయమైనా 14 లోపు ఒప్పుకోవాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ముందు స్టాప్‌వాచ్‌తో, ఇద్దరం చెరో కొసా పట్టుకుని చేస్తే 5 నిమిషాలు ఎంతకు తగ్గుతుందో వచ్చే మంగళవారం చూసి రాస్తాను.